స్లాబు కింద కర్రలేవి బాబూ?

సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ సైట్‌కి వెళ్లాను. నాకిచ్చిన పని చిన్నదే. ఈ నెలాఖరుకి బిల్డింగ్ ఎంతవరకు వచ్చిందో ఒక రెండర్ చేసివ్వాలి, ఫ్లాట్లు కొన్నవాళ్లకి పంపిస్తారు. ఆర్కిటెక్ట్ ఇచ్చిన పూర్తి మోడల్‌ను బ్లెండర్‌లో తెరిచాను. పై అంతస్తులు, గోడలు, కిటికీలు తీసేశాను. నెట్‌లో దొరికిన పరంజా, ఒక టవర్ క్రేన్ పెట్టాను. రాత్రంతా రెండర్ అయింది. పొద్దున్నే మురిసిపోతూ సెంట్రింగ్ మేస్త్రీ గారికి చూపించాను.

ఆయన ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసి, "స్లాబు కింద కర్రలేవి బాబూ? గాల్లో నిలబెట్టేశావే!" అన్నారు.

అప్పుడు తెలిసింది నా తప్పేంటో. కడుతున్న బిల్డింగంటే పూర్తయిన బిల్డింగ్‌ని కేకులా అడ్డంగా కోసింది కాదు. అందులో ప్రతి స్లాబుకీ ఒక వయసు ఉంటుంది. ఆ వయసు కింద నిలబడ్డ కర్రల్లో కనిపిస్తుంది.

ఇక్కడ రెండు వస్తువుల్ని మనం కలిపేస్తుంటాం. పరంజా బయట ఉంటుంది, మనుషులు నిలబడి పని చెయ్యడానికి. సెంట్రింగ్ లోపల ఉంటుంది, పచ్చి కాంక్రీటు బరువు మొయ్యడానికి. నేను మొదటిది పెట్టి రెండోది మర్చిపోయాను.

సెంట్రింగ్ ఎప్పుడు తియ్యొచ్చో ఐఎస్ 456:2000 చెబుతుంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్, 15 డిగ్రీలకి తగ్గని వాతావరణం అయితే, నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబు కింది ఊతాలు 7 రోజులు ఉంచాలి. అది దాటితే 14. బీముల కింద ఆరు మీటర్ల లోపైతే 14 రోజులు, దాటితే 21. వేరే సిమెంట్ వాడితే ఇంకా ఎక్కువే పట్టొచ్చు, అది సైట్ ఇంజనీరు గారు తేల్చాలి.

ఇప్పుడు మా సైట్ సంగతి. మామూలు సిమెంటే వాడారు. నాలుగో స్లాబు పోసి ఆ రోజుకి పది రోజులు. గదుల స్పాన్ నాలుగు మీటర్లు, బీములవి ఐదు. అంటే నాలుగో స్లాబు కింద గదుల మధ్యలో కర్రలు తీసేసి ఉండొచ్చు, బీముల వెంట మాత్రం వరసగా ఉండాలి. వెళ్లి చూస్తే సరిగ్గా అలాగే ఉంది. మూడో స్లాబు పోసి నెల దాటింది కాబట్టి దాని కింద ఖాళీ. మొదటి అంతస్తులో ఇటుక గోడలు లేస్తున్నాయి, పరంజా అక్కడే ఉంది. నేనేమో బిల్డింగ్ చుట్టూ కట్టేశాను!

మళ్లీ మొదలుపెట్టాను. సరుగుడు కర్ర ఒక్కటి మోడల్ చేసి `Alt+D` తో కాపీలు వేశాను. అలా చేస్తే కాపీలన్నీ ఒకే మెష్‌ని వాడుకుంటాయి, కొన్ని వందలున్నా ఫైలు బరువెక్కదు. తర్వాత ఒక్కోదాన్ని ఒకటి రెండు డిగ్రీలు తిప్పాను. అన్నీ గీత గీసినట్టుంటే అబద్ధమని కంటికి తెలిసిపోతుంది.

స్తంభాలు కూడా స్లాబు దగ్గర నున్నగా ఆగిపోవు. పై స్తంభం కోసం ఊచలు పైకి వదులుతారు. 16 ఎంఎం ఊచ అయితే, వ్యాసానికి యాభై రెట్లు అనుకుంటే, సుమారు 800 మిల్లీమీటర్లు. ఈ ఊచలు లేకపోతే చూసేవాడికి పని అక్కడితో ఆగిపోయిందనిపిస్తుంది.

కాంక్రీటుకి అంతటా ఒకే బూడిద రంగు పుయ్యడం నేను చేసిన ఇంకో తప్పు. కొత్తది ముదురుగా, పాతది తెల్లబారి ఉంటుంది. స్లాబు అడుగున సెంట్రింగ్ రేకుల అతుకుల గళ్లు పడతాయి. పైన క్యూరింగ్ కోసం కట్టిన మడుల్లో నీళ్లుంటాయి. కెమెరా ఎదురింటి డాబా మీద పెట్టాను కాబట్టి ఆ నీళ్లలో ఆకాశం కనిపించింది. టవర్ క్రేన్ తీసేశాను. మా సైట్‌లో ఉన్నది ఒక మిక్సరూ, సామాను పైకి లాగే లిఫ్టూ. వాటినే పెట్టాను.

రెండర్ చూసి ఆఫీసులో ఒకాయన, "బాగుంది, ఐదో స్లాబు కూడా వేసెయ్, ఎలాగూ ఇరవై రోజుల్లో పడిపోతుందిగా" అన్నారు. నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. కొన్నవాళ్లు స్లాబుకి ఇంత అని వాయిదాలు కడుతున్నారు. పడని స్లాబు బొమ్మలో ఉంటే, దాన్ని చూసి ఎవరో లోన్ డబ్బు విడుదల చేయించుకుంటారు. అది నోటితో అనలేకపోయాను. "సార్, ఐదో స్లాబు వేస్తే పది రోజుల నాలుగో స్లాబు మీద సెంట్రింగ్ మొత్తం నిలబెట్టాలి, దాని కింద మళ్లీ కర్రలు పెట్టాలి, చూసినవాళ్లు అడుగుతారు" అన్నాను. ఆయన కాసేపు స్క్రీన్ చూసి, సరే వదిలెయ్ అన్నారు.

నాలుగో స్లాబు మీద సగం పోసిన స్తంభాలు, మిగతావాటికి నిలబడ్డ ఊచలు. బొమ్మ కింద మూల తారీఖు వేసి పంపించాను.