రేయాన్ కుర్తీని తడిలో పిండకండి

ఆదివారం సాయంత్రం యారాడ తీరంలో కాసేపు నిలబడితే ఒక దృశ్యం తరచూ కంటపడుతుంది. అలల్లో తడిసిన కుర్తీ అంచును రెండు చేతులా పోగేసి, మెలిపెట్టి, నీళ్లు కారేదాకా పిండుతుంటారు. నూలు బట్ట అయితే తట్టుకుంటుంది. రేయాన్‌కు మాత్రం అంతకన్నా చెరుపు లేదు.

అపోహ: రేయాన్ అంటే ప్లాస్టిక్ దారమే.

కాదు. అది చెట్టునుంచి వచ్చిందే. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో గోదావరి ఒడ్డున ఏపీ రేయాన్స్ పేరుతో వెలసిన మిల్లు 2014 దాకా కర్రనుంచి ఈ దారానికి కావలసిన గుజ్జునే తయారు చేసింది. ఆ గుజ్జును కాస్టిక్ సోడాతో, కార్బన్ డైసల్ఫైడ్‌తో కలిపి జిగురు ద్రవంగా మార్చి, సన్నటి రంధ్రాల గుండా ఆమ్లంలోకి వదిలితే పోగులుగా గట్టిపడుతుంది. ఇదే విస్కోస్. దుకాణాల్లో రేయాన్ అని అమ్మేది దాదాపుగా ఇదే.

అపోహ: చల్లగా ఉంది కనుక కాటన్‌లాగే ఉతకొచ్చు.

రెండింటిలోనూ ఉన్నది సెల్యులోజే. తేడా దాని అమరికలో ఉంది. పత్తిలో గ్లూకోజు గొలుసులు వేల ముక్కల పొడవుంటాయి, ఒకదానికొకటి దగ్గరగా బిగిసి ఉంటాయి. విస్కోస్ తయారీలో ఆ గొలుసులు తెగి సుమారు 300 ముక్కలకు కురచవుతాయి. వాటి మధ్య వదులు చోట్లు కూడా ఎక్కువ.

రేయాన్ చల్లదనానికి మూలం ఆ వదులు చోట్లే. మామూలు గాలిలోనే విస్కోస్ తన బరువులో 12, 13 శాతం తేమను పట్టి ఉంచుతుంది. పత్తి పట్టేది దాదాపు 8 శాతం, పాలియెస్టర్ అర శాతం లోపే. తేమ ఉన్న పోగు ఒంటి వేడిని త్వరగా లాక్కుంటుంది. పోగు నున్నగా ఉండి బట్ట జారుగా వేలాడుతుంది కాబట్టి గాలి ఆడుతుంది. అయితే యారాడలాంటి సముద్రపు ఉక్కలో దీనికీ హద్దుంది. బాగా చెమట పట్టాక రేయాన్ త్వరగా ఆరదు, ఒంటికి అంటుకుపోతుంది.

నీళ్లలో వేస్తే అదే గుణం ఎదురు తిరుగుతుంది. నీరు గొలుసుల మధ్య దూరి వాటి పట్టును సడలిస్తుంది. పోగు ఉబ్బుతుంది, బలం దాదాపు సగానికి పడిపోతుంది. పత్తి మాత్రం తడిస్తే కొంచెం గట్టిపడుతుంది. కావాలంటే కుట్టు లోపలి అంచునుంచి రెండు దారాలు లాగి చూడండి. ఒకదాన్ని పొడిగా, మరొకదాన్ని తడిపి తెంపండి. తడి దారం ఇట్టే తెగితే అది రేయాన్. కాల్చి చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు. పత్తి, రేయాన్ రెండూ కాగితం కాలిన వాసనే ఇస్తాయి.

అపోహ: మొదటి ఉతుకులో కురచైతే నాసిరకం బట్ట.

నేతలోనూ అద్దకంలోనూ బట్టను లాగి ఉంచుతారు, ముఖ్యంగా పడుగు పోగులను. తడవగానే అవి ఆ బిగువును వదిలేస్తాయి. దానికితోడు ఒక్కో పోగు లావెక్కడంతో, దాన్ని చుట్టి వెళ్లే పోగుకు ఎక్కువ పొడవు కావాల్సి వస్తుంది. దాంతో బట్ట లోపలికి ముడుచుకుంటుంది. 44 అంగుళాల కుర్తీ 5 శాతం ముడుచుకుంటే రెండు అంగుళాలకు పైగా పోయినట్టే. మంచి బట్టకూ ఇది తప్పదు. మిల్లులో ముందే కుదించి, రెసిన్ పట్టిస్తే తగ్గుతుంది. మీటరు గుడ్డ కొని కుట్టించుకునేవాళ్లు ముందు తడిపి ఆరబెట్టి, ఆ తర్వాతే దర్జీకి ఇవ్వాలి.

ఇక ఉతుకు. బీచ్‌లో తడిసిన కుర్తీ అయితే ముందు ఉప్పునీరు, ఇసుక పోయేలా మంచినీళ్లలో రెండుసార్లు ముంచి తీయండి. ఉప్పు మిగిలితే తేమను పట్టి ఉంచి ఆరనివ్వదు. తర్వాత లోపలి వైపు బయటికి తిప్పి, బకెట్ చల్లటి నీళ్లలో ఘాటులేని ద్రవ సబ్బు కొద్దిగా కలిపి అయిదారు నిమిషాలు ఉంచండి. అరచేతులతో నెమ్మదిగా నొక్కితే చాలు. బ్రష్షు, బండ, బట్టల సోడా వద్దు. క్షారానికి విస్కోస్ మరింత ఉబ్బుతుంది. మెషీన్‌లోనే వేయాలంటే జాలీ సంచిలో పెట్టి, సున్నితమైన బట్టల సెట్టింగులో స్పిన్ తగ్గించి తిప్పండి.

బకెట్‌లోంచి తీసేటప్పుడు ఒక్క భుజం పట్టుకుని ఎత్తకండి. నీటి బరువుకు అక్కడ సాగిపోతుంది. మొత్తం కుర్తీని రెండు చేతులతో కిందనుంచి ఎత్తి, పొడి తువ్వాలులో చుట్టి అదమండి. తువ్వాలు నీళ్లు పీల్చుకున్నాక పరిచి, పొడవు వైపు కాస్త సర్ది, నీడలో లావుపాటి కమ్మీ మీద సగానికి వేసి ఆరేయండి. కొద్దిగా తడి ఉండగానే లోపలి వైపునుంచి మధ్యస్థ వేడిలో ఇస్త్రీ చేస్తూ మెల్లగా సాగదీస్తే పోయిన పొడవు కొంత తిరిగి వస్తుంది. మళ్లీ ఉతికినప్పుడు అది ముడుచుకోవచ్చు, అప్పుడూ ఇదే పద్ధతి.