మానిటర్ మీద 144, సెట్టింగ్స్‌లో 60

144 హెర్ట్జ్ 4కే మానిటర్ కొని, ఇంట్లో ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలిస్తారు. బొమ్మ చక్కగానే వస్తుంది. సెట్టింగ్స్ తెరిస్తే మాత్రం రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మానిటర్‌లో ఏదో లోపం ఉందనిపించడం సహజం. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. అంత డేటా దానిదాకా చేరడం లేదు, అంతే.

ఎంత డేటా కావాలో లెక్క కట్టడం కష్టం కాదు. 4కే తెరమీద అడ్డంగా 3,840, నిలువుగా 2,160 పిక్సెళ్లు, మొత్తం దాదాపు 83 లక్షలు. ఒక్కో పిక్సెల్ రంగు చెప్పడానికి మామూలుగా 24 బిట్లు కావాలి. సెకనుకు 60 సార్లు తెరను మార్చాలంటే సెకనుకు దాదాపు 12 గిగాబిట్లు. ప్రతి వరుస తర్వాత, ప్రతి ఫ్రేము తర్వాత సిగ్నల్‌లో కొంత విరామం కూడా ఉంటుంది. టీవీల ప్రమాణం ప్రకారం దాన్నీ కలిపితే 14.26 గిగాబిట్లు అవుతుంది.

ఇప్పుడు పోర్టు సంగతి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం సెకనుకు 18 గిగాబిట్లు అని రాస్తారు. అందులో వెళ్లే ప్రతి 10 బిట్లలో 8 మాత్రమే బొమ్మవి, మిగతా 2 సిగ్నల్ తప్పిపోకుండా చూసేందుకు. అంటే మనకు దక్కేది 14.4. 4కే 60 హెర్ట్జ్ అందులో సరిగ్గా ఇమిడిపోతుంది, ఇంక దేనికీ చోటుండదు. హెచ్‌డీఆర్ కోసం పిక్సెల్‌కి 30 బిట్లు పంపాలంటే రంగుల వివరం తగ్గించక తప్పదు. అప్పుడు నీలం మీద ఎర్ర అక్షరాల్లాంటివి అంచుల దగ్గర అలికినట్టు కనిపిస్తాయి.

అదే మానిటర్‌కి వెనక డిస్‌ప్లేపోర్ట్ 1.4 కూడా ఉంటే దారి కాస్త విశాలమవుతుంది. దాని సామర్థ్యం 32.4 గిగాబిట్లు, బొమ్మకు మిగిలేది 25.92. విరామాలను బాగా కుదిస్తే 24 బిట్ల రంగుతో 4కే 120 హెర్ట్జ్ ఇందులో పడుతుంది. 144కి మాత్రం 31 గిగాబిట్లు దాటుతుంది. అందుకే ఇక్కడ డీఎస్‌సీ అనే కుదింపు పద్ధతి వాడతారు. దాంతో వచ్చే తేడా మామూలుగా కంటికి తెలియదు. కాకపోతే గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ రెండిటికీ ఆ సదుపాయం ఉండాలి.

మరి డిస్‌ప్లేపోర్టే మేలా? అది వెర్షన్‌ని బట్టి మారిపోతుంది. 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1 పూర్తి సామర్థ్యం 48 గిగాబిట్లు. 30 బిట్ల రంగుతో 4కే 144 హెర్ట్జ్‌ని అది కుదింపు లేకుండానే మోయగలదు. డిస్‌ప్లేపోర్ట్ 2.1 గరిష్ఠంగా 80 దాకా వెళుతుంది. అయితే ఈ రెండు కొత్త ప్రమాణాల్లోనూ పూర్తి వేగం తప్పనిసరి కాదు. 2.1 అని రాసి ఉన్న పరికరం అంతకంటే తక్కువ వేగంతోనే ఆగిపోవచ్చు. కొనేముందు వెర్షన్‌తో సరిపెట్టుకోకుండా ఎన్ని గిగాబిట్లో, ఏ రిజల్యూషన్‌లో ఎన్ని హెర్ట్జ్ వస్తుందో స్పెసిఫికేషన్ షీట్‌లో చూడాలి.

కేబుల్‌ని వెర్షన్ నంబరుతో కాకుండా ధ్రువీకరణ పేరుతో కొనాలి. హెచ్‌డీఎంఐలో 18 గిగాబిట్లకు ప్రీమియం హై స్పీడ్, 48కి అల్ట్రా హై స్పీడ్ అని ఉంటాయి. వీటి పెట్టె మీద స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో 32.4 గిగాబిట్లకు DP8K, 80కి DP80 అన్న గుర్తు చూడాలి. మామూలు రాగి కేబుల్ పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది కాబట్టి అవసరానికి మించిన పొడవు తీసుకోకూడదు.

ఇబ్బంది ఎక్కడుందో విండోస్ 11లో Settings > System > Display > Advanced display చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కావలసిన హెర్ట్జ్ అసలు జాబితాలోనే లేదంటే ముందు అనుమానించాల్సింది పోర్టుని, లేదా మానిటర్ సొంత మెనూలో ఆ పోర్టుని పాత వెర్షన్‌కి పెట్టి ఉండటాన్ని. జాబితాలో ఉండి, ఎంచుకున్నాక తెర క్షణంపాటు నల్లబడి మళ్లీ వస్తున్నా, మెరుపు చుక్కలు కనిపిస్తున్నా కేబుల్ మార్చి చూడాలి.

ఇదే లెక్క కొన్నిసార్లు డబ్బు మిగులుస్తుంది కూడా. 2,560×1,440 మానిటర్‌ని 144 హెర్ట్జ్‌తో నడపడానికి 24 బిట్ల రంగుతో దాదాపు 14.1 గిగాబిట్లు చాలు. అది హెచ్‌డీఎంఐ 2.0లోనే పడుతుంది. కార్డు, మానిటర్ ఆ పోర్టు మీద 144ని అనుమతిస్తే, 18 గిగాబిట్ల కేబుల్ ఉన్నవాళ్లు ఖరీదైన 48 గిగాబిట్ల కేబుల్ కొనాల్సిన అవసరమే లేదు.