మీకు తెలుసా? నెత్తిన గెల ఉన్న మనిషి నమస్తే ఎట్లా పెడతాడో

పులివెందుల దిక్కు అరటి తోటలో గెలలు కొట్టే పొద్దున చూడండి. నెత్తిన చుట్టకుదురు, దాని మీద గెల, జారకుండా పైకెత్తి పట్టిన చెయ్యి. లారీ వైపు నడిచే ఆ మనిషికి ఊరి పెద్దాయన ఎదురొస్తే చేతులు జోడించలేడు. తల వంచితే గెల నేల మీద ఉంటుంది. అందుకని నడక ఆపకుండానే "నమస్తే న్నా" అంటాడు. "ఆ, పో నాయనా, పో" అని పెద్దాయన పక్కకు జరిగి దారిస్తాడు. చేతులు కలవలేదని ఇద్దరిలో ఎవరికీ కొరత అనిపించదు.

ఇది ఈ కాలం వాళ్ల వెసులుబాటు అనుకుంటాం గానీ, ఇందులో చాలా పాత మర్యాదే ఉంది. రెండు వేల ఏళ్లు దాటిన ఆపస్తంబ ధర్మసూత్రం, చెప్పులు తొడుక్కొని గానీ, తలకు గుడ్డ చుట్టుకొని గానీ, చేతుల్లో ఏమన్నా పట్టుకొని గానీ పెద్దలకు అభివాదం చేయకూడదంటుంది. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఆ సూత్రం చదివి ఉండరు. అయినా పెద్దమనిషి కనపడితే తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాకే చేతులెత్తేవాళ్లను జమ్మలమడుగు పల్లెల్లో ఇప్పటికీ చూస్తాం. ఒంటిచేత్తో దండం పెట్టొద్దని పిల్లలను మందలించేదీ ఈ పట్టింపుతోనే. ఒక చేతిలో సంచి ఉంటే దాన్ని కింద పెట్టాలి. పెట్టే వీలు లేకపోతే నోటితో పలకరించాలి. సగం దండం మాత్రం వద్దు.

నోటిమాటకు ఆ బరువు ఎక్కడిది? "నమస్తే"లో ఉన్నవి రెండు మాటలు. "నమః" అంటే వంగడం, "తే" అంటే నీకు. మీకు కాదు, నీకు. సంస్కృతంలో ఆ ఏకవచనం దేవుడికైనా చెల్లుతుంది. తెలుగులో మాత్రం పెద్దవాళ్లను ఉత్త "నమస్తే"తో వదిలేస్తే ఏదో తక్కువైనట్టు ఉంటుంది. ఆ తక్కువను పూడ్చేది వెనక వచ్చే వరస: న్నా, క్కా, మామా, పెద్దాయనా, సార్. నన్నడిగితే కడప నమస్తేలో గౌరవం సగం ఆ వరసలోనే ఉంది. ఈ పులివెందుల నుంచే వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్ల నుంచి పాదయాత్ర చేసినప్పుడు దారి పొడుగునా జనమే. అంతమందికి విడివిడిగా చేతులు జోడించడం ఎవరి వల్లా కాదు. అక్కా, చెల్లెమ్మా, అన్నా, తమ్ముడూ అని వరస కలిపి నమస్తే చెప్పే ఆయన తీరు జనానికి ఇప్పటికీ గుర్తుంది.

ఇక తలూపడం. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో తూకం వేస్తున్న సేటు చేతులు తక్కెడ దగ్గరే ఉండాలి. లోపలికొచ్చిన వాళ్లకు తల కొంచెం కిందికి వంచి, కళ్లతోనే కూర్చోమంటాడు. ఆ తల కిందికి దిగడం ముఖ్యం. అదే గడ్డం పైకి ఎగరేస్తే "ఏం సంగతి?" అని అడిగినట్టు. జతగాళ్ల మధ్య అది బాగానే ఉంటుంది. మోటారుసైకిల్ మీద పోతూ తనకన్నా పెద్దాయన వైపు గడ్డం ఎగరేశాడంటే మాత్రం సాయంత్రానికి ఆ మాట ఇంట్లో తండ్రి దాకా వస్తుంది. బండి మీద ఉన్నవాడు వేగం తగ్గించి తల దించితే చాలు.

చేతులు ఖాళీగా ఉన్నప్పుడు వాటిని ఎంత ఎత్తులో జోడించాలన్నది నాట్యశాస్త్రం చెప్పింది. దేవతలకు తల మీద, గురువులకు ముఖం దగ్గర, స్నేహితులకు రొమ్ము దగ్గర. అందుకే జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరస్వామి గుడిలో తల మీదికి వెళ్లిన చేతులు బజారులో రొమ్ము దగ్గరే ఆగుతాయి. గుడి లోపల తెలిసినవాళ్లు కనిపించినా చాలామంది చేతులు జోడించరు. అక్కడ దండం స్వామికే అని తల మాత్రం ఊపి, పలకరింపు గుడి బయటికి వచ్చాక అందుకుంటారు. ప్రొద్దుటూరులో తురక పెద్దాయన ఎదురైతే "సలాం భాయ్" అనడం, చర్చి నుంచి వచ్చే అయ్యగారికి "వందనాలు" చెప్పడం ఈ ఊళ్లలో మామూలే.

చేతులు ఖాళీగా ఉన్నా, నోరు ఉన్నా రెండూ పనికిరాని చోటు ఒకటుంది. చావింట్లో అడుగు పెట్టేటప్పుడు దండం పెట్టరు, "బాగుండారా" అని అడగరు. మైలలో ఉన్నవాళ్లు నమస్కారం పెట్టరు, తీసుకోరు. పోయేటప్పుడు "వస్తా" అనే మాట అసలే రాకూడదు. వచ్చినవాళ్లు కాసేపు దగ్గర కూర్చుంటారు. లేచేటప్పుడు ఇంటివాళ్లతో చూపు కలిపి తల కొద్దిగా ఊపి, ఏమీ చెప్పకుండా చెప్పుల వైపు నడుస్తారు.