బాకీ అడగడంలో మూడు మెట్లు

విజయవాడలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉందనుకుందాం. ఒక కాలేజీకి బ్రోచర్లు వేసి జూన్ 4న అందజేశారు. బిల్లు 48,600 రూపాయలు, గడువు 30 రోజులు. జులై 4 దాటినా డబ్బు రాలేదు. ప్రెస్సు నుంచి వాట్సాప్‌లో ఈ మెసేజ్ వెళ్లింది: "సర్, మీ బిల్లు పెండింగ్‌లో ఉంది. వెంటనే చెల్లించగలరు." వారం తర్వాత అదే కాపీ, ఆపై వారం మళ్లీ అదే.

మొదటిసారే "వెంటనే" అనేశాక మూడోసారి అనడానికి ఇంకేం మిగలదు. పైగా చదివేవారికి ఒక సంగతి అర్థమైపోతుంది: పట్టించుకోకపోయినా ఏమీ కాదు, మళ్లీ ఇదే వస్తుంది. బిల్లు నంబరు, మొత్తం లేవు కాబట్టి అకౌంటెంటుకు వెతికే పని కూడా.

దీన్ని తిరగరాద్దాం. మొదటిది జులై 6న. మరిచిపోయి ఉంటారన్న నమ్మకంతోనే రాయాలి: "నమస్తే సర్. బ్రోచర్ల బిల్లు నం. 112, రూ. 48,600, గడువు జులై 4తో ముగిసింది. పనుల్లో పడి చూసి ఉండరని బిల్లు మళ్లీ పంపుతున్నాను. ఇప్పటికే చెల్లించి ఉంటే తెలియజేయగలరు."

రెండోది జులై 14న. ఇందులో ప్రశ్న ఉండాలి, ఎందుకంటే జవాబివ్వకుండా దాటేయడం కష్టం: "బిల్లు 112 గురించి 6న రాశాను, జవాబు రాలేదు. బిల్లులో తేడా ఏమైనా ఉందా? లేకపోతే ఏ తేదీన చెల్లిస్తారో 17లోగా చెప్పండి." 17 దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఫోన్ చేయాలి. చాలా బాకీలు ఇక్కడే కదులుతాయని నా అభిప్రాయం.

మూడోది 24న: "6న, 14న రాశాను, 18న ఫోన్ చేశాను. రూ. 48,600 జులై 31లోగా అందకపోతే మీ కొత్త ఆర్డర్లు తీసుకోలేం. ఆలస్యానికి చట్టప్రకారం వడ్డీ కోరతాం." ఇందులో కోపం లేదు. మారింది పర్యవసానం ఒక్కటే. నిజంగా చేయబోయేదే రాయాలి. 31 తర్వాత కొత్త ఆర్డరు తీసుకున్నారా, మెసేజ్‌కు విలువ పోయినట్టే.

వడ్డీ మాట ఉత్త బెదిరింపు కాదు. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తి, సేవా సంస్థలకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం వర్తిస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కొని అమ్మే దుకాణదారులు మాత్రం ఈ దారిని నమ్ముకోకూడదు.

ఇంకో మాట. రెండో మెసేజ్ తర్వాత సగం డబ్బు వచ్చి ఉంటే మూడోదాన్ని ఉన్నదున్నట్టు పంపకండి. పంపేముందు బ్యాంకు ఖాతా ఒకసారి చూసి, మిగిలిన మొత్తమే రాయండి.