ఇంతకీ కాదన్నదెవరు?

మెడికల్ రెప్‌లు ఆ రోజు ఏ డాక్టర్లను కలిశారో, ఏ మందుల షాపులకు వెళ్ళారో పొద్దుపోయేలోగా కంపెనీ యాప్‌లో నింపాలి. అందులో రిమార్కులు రాసే గడి ఒకటుంటుంది. చాలామంది ఏరియా మేనేజర్లు కాల్స్ ఎన్నయ్యాయో చూసుకుని దాన్ని వదిలేస్తారు. కానీ మనిషి జారిపోతున్న సంగతి ముందుగా బయటపడేది అక్కడే. మొన్నమొన్నటి దాకా ‘ధర ఎక్కువన్నారు, షుగర్ పేషెంట్లకు రాసి చూస్తానన్నారు’ అని రాసినవాడు ఇప్పుడు పదకొండు కాల్స్‌కీ ‘ఫాలో అప్’ అనే ఒక్క ముక్క దించుతున్నాడంటే, అతనికి ఫోన్ చేసి అమ్మకాల లెక్క అడగడం ఆ రోజుకి మానుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా పేర్కొంది. లక్షణాలు మూడు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, తన వల్ల ఏదీ కావడంలేదన్న భావన. మామూలు అలసటైతే ఆదివారం నిద్రపోతే తీరుతుంది. సోమవారం డాక్టర్ గది బయట బ్యాగ్ పట్టుకుని నిలబడ్డవాడు ‘ఏం చెప్పినా ఒకటేలే సార్’ అంటున్నాడంటే అది నిద్రతో తీరేది కాదు. మూలం పనిలోనే ఉందంటే, దాన్ని వెతకాల్సింది పని పంచే మేనేజరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మంలో ఉంటూ సత్తుపల్లి, మధిర, కొత్తగూడెం తిరిగే కుర్రాడు. చేతిలో బీపీ, షుగర్ మందులు. నెల టార్గెట్ 4 లక్షలు. నాలుగు నెలలుగా రెండున్నర దాటడంలేదు. ఇలాంటప్పుడు మేనేజర్లు చేసేవి తెలిసినవే. ‘నువ్వు చేయగలవు తమ్ముడూ’ అని భుజం తడతారు. లేదంటే వాట్సాప్ గ్రూపులో రోజూ ర్యాంకులు పెడతారు. రోజంతా ‘వద్దు’ అని విన్నవాడికి ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి: లోపం నీలోనే ఉంది అని. అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, పీటర్ షుల్మన్ జీవిత బీమా ఏజెంట్ల మీద చేసిన అధ్యయనం 1986లో వెలువడింది. ఎదురుదెబ్బకి ‘నాలోనే లోపం, ఇదెప్పటికీ ఇంతే’ అని కారణం చెప్పుకునే తరహా ఏజెంట్లు తక్కువ అమ్మారనీ, ఉద్యోగం వదిలేసిన వాళ్ళూ వాళ్ళలోనే ఎక్కువనీ అందులో తేలింది. పొగడ్తతో ఆ నమ్మకం కదలదు. ఏ ‘వద్దు’ ఎందుకొచ్చిందో ఒక్కొక్కటీ విప్పి చూపిస్తే కదులుతుంది.

దానికి ఉన్న సాధనం జాయింట్ వర్క్. మేనేజర్ రెప్‌తో కలిసి ఫీల్డ్ తిరగడం. చాలాచోట్ల ఇది తనిఖీగా మారిపోయింది. డాక్టర్ గదిలోకి వెళ్ళగానే మేనేజరే మాట అందుకుని అదరగొట్టేస్తాడు, పక్కన కుర్రాడు బొమ్మలా నిలబడతాడు. సేల్ రావచ్చుగాని కుర్రాడు ఇంకో మెట్టు దిగుతాడు. రెండు రోజులు వెళ్ళండి, నమస్కారం తప్ప మాట్లాడకండి. సాయంత్రం ఆయా క్లినిక్‌ల దగ్గరున్న మందుల షాపుల్లో ఏ డాక్టర్ ఏం రాస్తున్నారో ఇద్దరూ కలిసి కనుక్కోండి.

మన ఉదాహరణలో రెండు రోజులకు ఇరవై మంది డాక్టర్లనుకుందాం. రెప్ లెక్కలో ఇరవై ‘వద్దు’లు. కూర్చుని విడగొడితే ఇలా తేలుతుంది. ఏడుగురు అసలు కలవనేలేదు. అందులో కొందరు రెప్‌లను చూసేది మధ్యాహ్నం ఓపీ అయ్యాకే, ఇతను వెళ్తున్నది పదకొండింటికి. ఐదుగురు ‘చూద్దాం’ అన్నారు. నలుగురు వేరే కంపెనీ మందుతో హాయిగా ఉన్నారు. మిగిలిన నలుగురు రాస్తూనే ఉన్నారు!

ఈ నలుగురి సంగతే ఆగి చూడాల్సింది. చీటీ షాపుకి వస్తోంది, షాపులో ఆ మందు ఉండటంలేదు. ఎందుకని అడిగితే షాపాయన డ్రాయరులోంచి ఒక కాగితం తీశాడు. పది నెలల కింద ఎక్స్‌పైరీ అయిన స్ట్రిప్పులు వెనక్కి పంపాడు, క్రెడిట్ నోట్ ఇంతవరకూ రాలేదు. ‘పాత డబ్బులు తేల్చండి, అప్పుడు మీ సరుకు పెడతా’ అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ఇంతకాలం కుర్రాడు తన మాటతీరే బాగాలేదనుకుంటున్నాడు. తీరా అడ్డుపడింది కంపెనీ లెక్కల విభాగంలో ఇరుక్కున్న ఒక కాగితం.

దాన్ని కదిలించడం రెప్ చేతిలో లేదు, మేనేజర్ చేతిలో ఉంది. షాపు మెట్ల మీదే, అతని ఎదుటే డిపోకి ఫోన్ చేయండి. క్రెడిట్ నోట్ వచ్చాక మాత్రం మీరు పట్టుకెళ్ళకండి, అతని చేతికివ్వండి. ఆ షాపులో అతని మాటకు విలువ తిరిగి రావాలి కదా.

మిగతావి చిన్న సర్దుబాట్లు. కలవని ఏడుగురి వేళలు కనుక్కుని టూర్ ప్రోగ్రాం మార్చాలి. వేరే మందుతో తృప్తిగా ఉన్న నలుగురి దగ్గరికి నెలకు మూడుసార్ల బదులు ఒక్కసారి చాలు. ఫలితం లేని గుమ్మాలు తగ్గితే తినే ఎదురుదెబ్బలూ తగ్గుతాయి. ‘చూద్దాం’ అనే ఐదుగురిని ‘ఎలాంటి పేషెంట్‌కు ఇది సరిపడదనుకుంటున్నారు సార్?’ అని అడగమనండి. జవాబుగా అసలు అభ్యంతరం వస్తుంది. మర్యాదగా దాటవేసే మాటకన్నా అది నయం.

ఈ మార్పులు మొదటి నెల అమ్మకాల్లో కనబడవు. కొత్త చీటీలు షాపు దాటి స్టాకిస్ట్ లెక్కలోకి ఎక్కేసరికి వారాలు పడుతుంది. కాబట్టి మొదటి ఆరు వారాలు రూపాయల లెక్క అడక్కండి, రిమార్కులు చదవండి. ‘ఫాలో అప్’ పోయి పూర్తి వాక్యాలు వస్తున్నాయంటే దారిలో పడ్డట్టే. వెళ్ళకుండానే కాల్స్ నింపుతున్నాడని తేలితే ఒక్కసారి స్పష్టంగా చెప్పండి, గ్రూపులో పరువు తీయకండి. నిద్ర పట్టడంలేదన్నా, తాగుడు పెరిగినా, బతుకు మీదే విసుగు మాటలు దొర్లినా అది మేనేజర్ పరిధి దాటిన విషయం. సెలవిచ్చి డాక్టర్ దగ్గరికి పంపాలి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి మేనేజర్లకు చేదుగా ఉంటుంది. ఆ 4 లక్షల టార్గెట్ ఎక్కడిది? అంతకుముందున్న రెప్ మార్చి ఆఖర్లో స్టాకిస్ట్‌ను బతిమాలి అవసరానికి మించిన సరుకు ఎత్తించి ఉంటే, ఆ ఉబ్బిన అంకెకే ఇంకొంత కలిపి ఇతని నెత్తిన పెట్టి ఉంటారు. కనిపెట్టడం కష్టం కాదు. కంపెనీ స్టాకిస్ట్‌కు పంపిన సరుకు, స్టాకిస్ట్ షాపులకు అమ్మిన సరుకు, ఈ రెండూ గత ఏడాదివి నెలవారీగా పక్కపక్కన పెట్టండి. మార్చిలో మొదటిది ఎగిరి, ఏప్రిల్, మే నెలల్లో సరుకు వెనక్కి వచ్చి ఉంటే, రెండోదే ఆ ఊరి అసలు సత్తా. ఆ కాగితం పట్టుకుని రీజనల్ మేనేజర్ దగ్గరికి వెళ్ళాల్సింది రెప్ కాదు, మీరు. అక్కడ మీకూ ఒక ‘వద్దు’ ఎదురుకావచ్చు, ఆ సంగతి కుర్రాడికి దాచకుండా చెప్పండి.