సూచీ పది శాతం పడితే

2020 మార్చి 13 ఉదయం మార్కెట్ తెరిచిన కొద్ది నిమిషాల్లోనే నిఫ్టీ పది శాతం పడిపోయి, దేశమంతటా షేర్ల ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. మళ్లీ మొదలయ్యాక సూచీ కోలుకుని, ముందురోజు కంటే పైనే ముగిసింది. అదే నెల 23న కూడా అలాగే ఆపారు. ఆ రోజు మాత్రం పతనం ఆగలేదు, సూచీ దాదాపు 13 శాతం నష్టపోయింది. సర్క్యూట్ బ్రేకర్ ఇచ్చేది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో బ్రోకర్లు మార్జిన్ లెక్కలు చూసుకుంటారు, కంగారులో పెట్టిన ఆర్డర్లు రద్దవుతాయి.

సూచీ పైకి ఎగిరినా, కింద పడినా 10, 15, 20 శాతం దగ్గర ఈ నియమం పనిచేస్తుంది. ఇరవై దాటితే ఆ రోజుకు మార్కెట్ మూతే.

విడి షేరుకున్న ధరల హద్దు వేరే సంగతి. అక్కడ ట్రేడింగ్ ఆగదు, హద్దు దాటిన ధరకు ఆర్డరు పెట్టడమే కుదరదు. వంద రూపాయల షేరుకు ఐదు శాతం హద్దు ఉంటే ఆ రోజు కనిష్ఠం 95. కొనేవారు లేకపోతే అమ్మకం ఆర్డర్లు వరుసలో పడి ఉంటాయి. మర్నాడు కనిష్ఠం 90.25. చిన్న మదుపరి ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే: 97 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నా, కొనేవారే లేనప్పుడు అది అక్కరకు రాదు. తెర మీద కొనుగోలు వైపు సున్నా కనిపిస్తే, షేరు లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్నట్టే.