పందెం యాప్ ప్రకటనల్లో తారలు: ముఖం కాదు, మూలం చూడండి

ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య రైల్లో కూర్చున్నా, కొల్లేరు చేపల చెరువు గట్టున ఉన్నా చేతిలో ఫోన్ ఉంటే చాలు, రీల్స్ నడుమ ఓ హీరోనో క్రికెటరో వచ్చి ఫలానా యాప్‌లో ఆడండి అంటాడు. దెందులూరు కుర్రాళ్లకైనా, వాళ్ల నాన్నలకైనా కలిగే అనుమానం ఒక్కటే: ఈ మాట నిజంగా ఆయనే అన్నాడా? దీని చుట్టూ అల్లుకున్న నాలుగు అపోహలు చూద్దాం.

అపోహ 1: పెదవులు, కళ్లు పరీక్షగా చూస్తే దొంగ వీడియో ఇట్టే తెలిసిపోతుంది.

వాస్తవం: ఈ ప్రకటనల్లో చాలావాటికి ముఖం మొత్తం మార్చే పని ఉండదు. పాత ఇంటర్వ్యూ ఒకటి తీసుకుని గొంతును అనుకరించి, నోటి కదలికలు మాత్రం దానికి తగ్గట్టు మారుస్తారు. మిగతాదంతా అసలుదే. పైగా వాట్సాప్‌లో చేతులు మారేసరికి బొమ్మ మసకబారి, ఉన్న తేడా కూడా కనపడదు.

2024 జనవరిలో సచిన్ తెందూల్కర్‌కు ఇదే జరిగింది. తన కూతురు ఓ గేమింగ్ యాప్‌లో రోజూ డబ్బు సంపాదిస్తోందని ఆయనే చెబుతున్నట్టు వీడియో తిరిగింది. అది నకిలీదని 15వ తేదీన సచిన్ స్వయంగా ఎక్స్‌లో ప్రకటించారు. తర్వాత ముంబయి పోలీసులు కేసు పెట్టారు.

ఇలాంటిది మీకొస్తే ముఖం స్పష్టంగా ఉన్నచోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే చొక్కా, అదే కుర్చీ, అదే మైకు ఉన్న పాత వీడియో దొరికి, అందులో మాటలు వేరేగా ఉంటే సంగతి తేలిపోయినట్టే. దొరకలేదంటే అసలుదని కాదు. ఆ తార అధికారిక ఖాతాలో ఆ ప్రకటన ఉందేమో చూడండి. నీలి టిక్కును మాత్రం నమ్ముకోవద్దు, అది డబ్బు కట్టినా వస్తుంది.

అపోహ 2: ఫేస్‌బుక్ డబ్బు తీసుకుని వేసిన ప్రకటన కాబట్టి వాళ్లు పరిశీలించే ఉంటారు.

వాస్తవం: ‘స్పాన్సర్డ్’ అంటే ఎవరో డబ్బు కట్టారని మాత్రమే అర్థం. ఎవరు కట్టారో మీరే చూడొచ్చు. ప్రకటన మీదున్న పేజీ పేరు నొక్కి, ‘పేజీ ట్రాన్స్‌పరెన్సీ’ తెరవండి. పేజీ ఎప్పుడు పెట్టారు, ఇంతకుముందు ఏ పేరుతో ఉండేది, నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారు అనేవి అందులో ఉంటాయి. నిన్నటిదాకా వంటల పేజీగా ఉన్నది ఈరోజు హీరో పేరు పెట్టుకుందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. facebook.com/ads/library లో ఆ పేజీ పేరు కొడితే అది నడుపుతున్న మిగతా ప్రకటనలూ కనిపిస్తాయి. ఆపేసిన మామూలు వ్యాపార ప్రకటనలు అందులో సాధారణంగా ఉండవు. అందుకే ముందుగా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

అపోహ 3: నొక్కితే ప్లే స్టోరే తెరుచుకుంది, రేటింగులూ ఉన్నాయి. ఇంకేం భయం?

వాస్తవం: అది ప్లే స్టోర్ వేషం కట్టిన వెబ్ పేజీ కావచ్చు. నక్షత్రాలు, పొగడ్తలు అన్నీ అచ్చేసిన బొమ్మలే. పైన అడ్రస్ బార్ కనిపిస్తే అందులో play.google.com తర్వాత వెంటనే / గుర్తు ఉందో లేదో చూడండి. మధ్యలో చుక్క పెట్టి ఇంకేదో తగిలిస్తే అది వేరే సైటు. ‘తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడానికి’ అనుమతి అడిగితే అక్కడే ఆగిపోండి. కొన్ని ఆ అనుమతి కూడా అడక్కుండా హోమ్ స్క్రీన్ మీద గుర్తు పెట్టేస్తాయి. కాబట్టి అడ్రసే అసలు పరీక్ష.

అపోహ 4: వీడియో అసలుదని తేలితే యాప్ కూడా మంచిదే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. తారల ప్రకటనలన్నీ డీప్‌ఫేక్‌లు కావు. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు పందెం యాప్‌ల ప్రచారంపై పెట్టిన కేసుల్లో పేరున్న నటుల పేర్లు ఉన్నాయి. 2016లో అలాంటి ప్రకటన ఒకటి చేశానని, తర్వాత మానేశానని ప్రకాశ్ రాజ్ అప్పుడు చెప్పారు. అంటే ఆనాటి అసలు వీడియోనే ఈరోజు ఎవరైనా మళ్లీ తిప్పవచ్చు. లెన్స్ అది నిజమైనదేనని చెబుతుంది, యాప్ గురించి ఏమీ చెప్పదు.

ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే కాదు, వాటి ప్రకటనలనూ నిషేధించింది. ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. చెప్పింది అసలు హీరో అయినా నకిలీ హీరో అయినా డబ్బు కట్టే కారణం లేదు.

ఇప్పటికే కట్టి ఉంటే యాప్‌లో చూపించే ‘గెలుపు’ కోసం ఎదురుచూడొద్దు. దాన్ని విడిపించడానికి ‘పన్ను’ కట్టమంటే అసలే కట్టొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. లావాదేవీ నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్, పేజీ లింకు దగ్గర పెట్టుకోండి. డబ్బు అవతలి ఖాతా దాటిపోకముందే చెబితేనే ఆపడానికి వీలుంటుంది.